చందా సేవల్లో ధరల అంచెలు

వారానికో నెలకో డబ్బు కట్టించుకుని క్రమం తప్పకుండా అందించే సేవకు ఒకే ధర కాకుండా రెండు మూడు ధరలు పెట్టి, ఏ ధరకు ఏం దక్కుతుందో, ఏం దక్కదో ముందే తేల్చి చెప్పే పద్ధతిని ధరల అంచెలు అంటారు. ఇంటి భోజనం బాక్సులు, పాల సరఫరా, నెలవారీ ట్యూషన్లు, వ్యాయామశాలలు, ఫోన్ రీఛార్జిలు అన్నీ ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. అంచెలు ఏర్పాటు చేసేవాళ్ళు మూడు సంగతులు తేల్చుకోవాలి. దేన్ని లెక్కపెట్టి ధర కట్టాలన్నది మొదటిది, దాన్ని కొలమానం అంటారు. పై అంచె కొనగలిగినవాళ్ళు కింది అంచెకు దిగకుండా ఏది ఆపుతుందన్నది రెండోది, దాన్ని హద్దు అంటారు. ధర అంకె మూడోది. సాధారణంగా అందరూ అంకెతోనే మొదలుపెడతారు గానీ, కొలమానం, హద్దు కుదిరాక అంకె తేల్చడం పెద్ద కష్టం కాదు. ఈ వ్యాసంలో ప్రధానంగా మధ్యాహ్న భోజనం బాక్సుల సేవ ఆధారంగా ఈ మూడింటినీ వివరించి, ట్యూషన్లలో వచ్చే తేడాలను విడిగా చూపడం జరిగింది.

చరిత్ర

తెలుగునాట డబ్బు తీసుకుని భోజనం పెట్టడం పాత వ్యవహారమే. కాకతీయుల కాలపు ఓరుగల్లును చూపే ‘క్రీడాభిరామం’లో పూటకూళ్ళ ఇంట ఒక రూకకు దొరికే భోజనం వర్ణన ఉంది. అది ఏ పూటకు ఆ పూట చెల్లింపు, ఒకటే ధర. తర్వాతి కాలంలో చదువుకో ఉద్యోగానికో పట్నం వచ్చినవాళ్ళకు అన్నం పెట్టిన మెస్సుల్లో నెల టికెట్ల పుస్తకం వచ్చింది. ముందు డబ్బు కట్టి పుస్తకం తీసుకుంటే విడి భోజనం కన్నా కాస్త చవక. ముందు చెల్లింపు, తగ్గింపు, తినని పూట టికెట్ మిగిలిపోవడం అనే మూడు లక్షణాలూ అందులోనే ఉన్నాయి.

అంచెల వెనక ఉన్న ఆర్థిక సూత్రాన్ని తొలుత స్పష్టంగా చూపినవారిలో ఫ్రెంచి ఇంజనీరు జూల్ డ్యుపుయి ఒకరు. ఆనాటి రైళ్ళలో మూడో తరగతి పెట్టెలకు పైకప్పు లేకపోవడానికి కారణం కప్పు వేసే ఖర్చు కాదని ఆయన 1849లో రాశారు. రెండో తరగతి టికెట్ కొనగలిగినవాళ్ళు మూడో తరగతికి దిగకుండా ఆపడమే కంపెనీల ఉద్దేశమని ఆయన వివరణ. అంటే హద్దు గీయడానికి కింది అంచెను కావాలనే పాడు చేశారన్నమాట. ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920లో వెలువడిన గ్రంథంలో ధరల వివక్షను మూడు తరగతులుగా విభజించారు. కొనేవాళ్ళ ముందు కొన్ని ధరలు పరిచి, ఎవరికి తగ్గది వాళ్ళే ఎంచుకునేలా చేసే పద్ధతిని నేటి ఆర్థికశాస్త్రం ఆ విభజనలోని రెండో తరగతి కింద చెబుతుంది. చందా సేవల అంచెలు దాదాపు అన్నీ ఈ కోవకే చెందుతాయి.

సరిపడా కొలిచిన కూరగాయలు, మసాలాలు, వంట విధానం కలిపి వారం వారం ఇంటికి పంపే బాక్సులు స్వీడన్‌లో 2007లో మొదలయ్యాయి. 2011లో బెర్లిన్‌లో పుట్టిన హలోఫ్రెష్ ఆ పద్ధతిని అనేక దేశాలకు తీసుకెళ్ళింది. ఎంతమందికి, వారానికి ఎన్ని భోజనాలు అన్నవే వీటి కొలమానాలు. సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో భోజనం ధర తగ్గుతుంది.

ప్రధాన రకాలు

పరిమాణపు అంచెల్లో వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని బాక్సులు అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. నాణ్యతా అంచెల్లో కూరల సంఖ్య, మాంసాహారం, తీపి వంటివి మారతాయి. వెసులుబాటు అంచెల్లో సరుకు ఒకటే ఉంటుంది, మానుకునే హక్కు, రోజు మార్చుకునే హక్కు, సమయం ఎంచుకునే హక్కు మారతాయి. కాలపరిమితి అంచెల్లో నెల, మూడు నెలలు, ఏడాది అనే తేడాతో తగ్గింపు ఇస్తారు. ఇవి కలగలిసి కూడా వస్తాయి. విద్యుత్ బిల్లులోని స్లాబులు వీటికి భిన్నమైనవి. అక్కడ వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది, వినియోగదారు ఎంచుకునేది ఏమీ ఉండదు. (చూడండి: విద్యుత్ ఛార్జీలు.)

పనితీరు: ఒక వంటగది లెక్క

హైదరాబాద్ మాదాపూర్ చుట్టుపక్కల ఆఫీసులకు మధ్యాహ్నం బాక్సులు పంపే చిన్న వంటగదిని ఉదాహరణగా తీసుకుందాం. కింది అంకెలు వివరణ కోసం వేసుకున్నవి. నెలకు పని రోజులు 22, చందాదారులు 100 మంది. బాక్సులో అన్నం, పప్పు, ఒక కూర, ఒక వేపుడు, రసం, పెరుగు ఉంటాయి. సరుకులు, గ్యాస్, ప్యాకింగ్ కలిపి బాక్సుకు ₹62 అవుతుంది. బండి మీద తీసుకెళ్ళి ఒక గేటు దగ్గర ఇచ్చి రావడానికి ₹20. బాక్సుల సంఖ్యతో నిమిత్తం లేకుండా వంటవాళ్ళ జీతాలు, అద్దె నెలకు ₹88,000. బాక్సు ధర ₹130 అయితే ఒక్కో దాని మీద ₹48 మిగులుతుంది. నెలకు 2,200 బాక్సుల మీద వచ్చే ₹1,05,600లో స్థిర ఖర్చు పోగా యజమానికి దక్కేది ₹17,600.

ఇలాంటి వంటగది అంచెలు పెట్టాలనుకున్నప్పుడు మొదట తట్టేది ఐటెమ్‌ల లెక్క. వేపుడు తీసేసి, అన్నం కాస్త తగ్గించి ‘మినీ’ ₹99కి, తీపీ అదనపు కూరా కలిపి ‘స్పెషల్’ ₹170కి, మధ్యలో ‘రెగ్యులర్’ ₹130కి పెడతారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ వేపుడు, కాస్త అన్నం తీసేస్తే తగ్గే ఖర్చు ₹9 మాత్రమే. ధర మాత్రం ₹31 తగ్గింది. మినీ మీద మిగిలేది ₹26. స్పెషల్‌కు సరుకుల ఖర్చు ₹88 అనుకుంటే దాని మీద మిగిలేది ₹62.

ఇప్పుడు పాత చందాదారుల్లో 35 మంది మినీకి దిగారని, 10 మంది స్పెషల్‌కు ఎక్కారని, కొత్తగా 15 మంది మినీలో చేరారని అనుకుందాం. రోజుకు పోయే బాక్సులు 100 నుంచి 115కి పెరిగాయి. వంటగది కళకళలాడుతుంది, బండ్లు ఎక్కువ తిరుగుతాయి. మిగులు మాత్రం వేరేగా ఉంటుంది. దిగిన ఒక్కొక్కరి వల్ల రోజుకు ₹22 పోయింది, ఎక్కిన ఒక్కొక్కరి వల్ల ₹14 వచ్చింది, కొత్తవాళ్ళు ఒక్కొక్కరు ₹26 తెచ్చారు. మొత్తం మీద రోజుకు ₹240 తగ్గి, నెలాఖరుకు యజమాని చేతికి ₹17,600 బదులు ₹12,320 వస్తుంది. పని పెరిగి ఆదాయం తగ్గడం ఈ రంగంలో తరచుగా జరిగే నష్టం. అమ్మకాల పుస్తకం ఒక్కటే చూస్తే ఇది కనబడదు. ప్రతి నెలా ఏ అంచె నుంచి ఏ అంచెకు ఎంతమంది మారారో విడిగా రాసుకుంటేనే తెలుస్తుంది. ఈ లెక్క ప్రకారం ఆరుగురు కిందికి దిగితే కనీసం ఆరుగురు కొత్తవాళ్ళు రావాలి, లేకపోతే మినీ పెట్టడం నష్టమే.

తప్పు అంకెలో కాదు, కొలమానంలో ఉంది. ఈ వంటగదికి ఖర్చు ఐటెమ్‌ల దగ్గర పెద్దగా మారదు, గేటు దగ్గర మారుతుంది. ఒకే గేటు దగ్గర మూడు బాక్సులు దింపితే ₹20 రవాణా ముగ్గురికీ పంచుకుపోయి బాక్సుకు ₹7 లోపే పడుతుంది. అందుకని ఒకే చిరునామాకు, ఒకే వేళకు మూడు బాక్సులు తీసుకునేవాళ్ళకు ‘జట్టు’ అంచె పెట్టి బాక్సు ₹118కి ఇస్తే, ధర ₹12 తగ్గినా మిగులు ₹49 దాటుతుంది, అంటే పూర్తి ధర కట్టేవాళ్ళ మీద వచ్చేదానికన్నా ఎక్కువ. పాత చందాదారులందరూ ఇందులోకి మారినా నష్టం లేదు. చవక కావాలనుకునే ఉద్యోగి తనే మరో ఇద్దరిని వెతికి తెస్తాడు. కింది అంచెను కావాలని పాడు చేయకుండానే ఇక్కడ హద్దు ఏర్పడింది. చవకగా ఇచ్చినప్పుడు ఖర్చు కూడా నిజంగా తగ్గాలన్నది మంచి హద్దుకు గుర్తు.

రోజుల లెక్కలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఉద్యోగులు వారానికి మూడు రోజులే ఆఫీసుకు వచ్చే చోట మూడు రోజుల ప్లాన్ అడుగుతారు. బాక్సు ₹140కి ఇస్తే ఒక్కో దాని మీద ₹58 మిగులుతుంది కాబట్టి లాభసాటిగానే తోస్తుంది. కానీ వాళ్ళందరూ మంగళ, బుధ, గురువారాలే కోరుకుంటే, 30 మంది చేరిన వెంటనే ఆ మూడు రోజులూ 130 బాక్సులు వండాలి. అదనంగా ఒక సహాయకుణ్ణి, ఒక పొయ్యిని పెట్టుకోవాలి. వారానికి మూడు రోజుల జీతమే ఇస్తామంటే ఎవరూ రారు. ఆ అదనపు ఖర్చు నెలకు ₹22,000 అనుకుంటే, నెలలో 13 రోజుల మీద వచ్చే ₹22,620లో మిగిలేది ₹620. అదే ప్లాన్‌లో ఒక రోజు సోమవారమో శుక్రవారమో అయి ఉండాలని నియమం పెడితే, రద్దీ రోజుల్లో పెరిగేది 30 కాదు, సుమారు 20. ఉన్న గిన్నెలు, ఉన్న మనుషులతో 120 బాక్సుల దాకా సర్దుకోగల వంటగదికి అప్పుడు అదనపు ఖర్చే ఉండదు.

విరామ నియమం

చందాదారు ఊరెళ్తే, పండక్కి సెలవు వస్తే, ఒంట్లో బాగోకపోతే ఆ రోజుల డబ్బు ఏమవుతుందో తేల్చేదే విరామ నియమం. కరపత్రంలో ఇది చిన్న అక్షరాల్లో ఉంటుంది గానీ, చాలా సేవల్లో అసలు ధరను తేల్చేది ఇదే. పై ఉదాహరణలో నెల చందా 22 రోజులకు ₹2,860. తినని రోజుకు ఏమీ తిరిగి రాదనుకుంటే, నాలుగు రోజులు మానినవారికి బాక్సు దాదాపు ₹159 పడింది. విడిగా ఏ రోజుకారోజు ₹150కి దొరుకుతున్నప్పుడు చందా కట్టి నష్టపోయినట్టే.

ఇలా నష్టపోయేవాళ్ళు కొద్దిమంది కాదని చూపిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలో మూడు వ్యాయామశాలల్లో 7,752 మంది సభ్యుల రికార్డులను స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ పరిశీలించి 2006లో ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కడుతున్నవాళ్ళు సగటున నెలకు నాలుగైదు సార్లకు మించి రాలేదు. ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడింది. ఒక్కో రాకకు 10 డాలర్లు పడే పది రాకల పాస్ అక్కడే అందుబాటులో ఉంది. రేపటి వాడకాన్ని మనుషులు ఎక్కువగా ఊహించుకుంటారని వారు తేల్చారు.

వాడని రోజుల మీద వచ్చే డబ్బును లాభంగా లెక్క వేసుకునే సేవలున్నాయి. భోజనం విషయంలో ఆ లెక్క ఎక్కువ కాలం నిలవదు. తినకుండా డబ్బు పోయిన సంగతి రోజూ మధ్యాహ్నం ఆకలేసే వేళకు గుర్తొస్తుంది, రెండో నెల చందా కట్టరు. అందుకని విరామాన్ని దాచకుండా దానికే ధర కట్టడం మేలు. ముందు రోజు రాత్రి 7 గంటల లోపు చెబితే తెల్లవారుజామున కొనే కూరగాయలు తగ్గించుకోవచ్చు కాబట్టి ₹62 మిగులుతుంది, ఆ గేటుకు వెళ్ళనక్కరలేదు కాబట్టి ₹20 కూడా మిగులుతుంది. పోయేది స్థిర ఖర్చుకు చేరాల్సిన ₹48 మాత్రమే. నెలకు నాలుగు రోజులు మానే వ్యక్తి 18 బాక్సులకే డబ్బు కట్టినా, 22 రోజులూ తినే వ్యక్తి ఇచ్చినంతే మిగులు ఇవ్వాలంటే బాక్సు ధర ₹141 ఉండాలి. కాబట్టి విరామం లేని ప్లాన్ ₹130, విరామం ఉన్న ప్లాన్ ₹141. ఆ ₹11 తేడాయే విరామానికి న్యాయమైన ధర. ఉదయం 10 గంటలకు ఫోన్ చేసి మానేస్తే అప్పటికే వంట అయిపోయి ఉంటుంది, అప్పుడు తిరిగి ఇవ్వడానికి పెద్దగా ఏమీ మిగలదు. గడువు వేళను వంటగది పని వేళల నుంచే తీసుకోవాలి.

ట్యూషన్లలో అంచెలు

ట్యూషన్‌లో సరుకు ఖర్చు లేదు, ఖర్చంతా గంటకు పడుతుంది. టీచరుకు గంటకు ₹600, గదికి ₹120 అనుకుందాం. నెలకు 20 గంటలు. 12 మంది బ్యాచ్‌లో ఒక్కొక్కరి మీద పడేది ₹1,200, ఆరుగురి బ్యాచ్‌లో ₹2,400. అందువల్ల ట్యూషన్‌కు సహజమైన కొలమానం బ్యాచ్ పరిమాణం. చిన్న బ్యాచ్‌లో ప్రతి ఒక్కరి నోటుబుక్కూ దిద్దడానికి వ్యవధి ఉంటుంది కాబట్టి తల్లిదండ్రులకు తేడా కనబడుతుంది, హద్దును ప్రత్యేకంగా వివరించాల్సిన పని ఉండదు. దీనికి భిన్నంగా, ఒకే క్లాసులో కూర్చోబెట్టి కొందరికి సందేహాలు తీర్చే గంట ఉందని, మిగతావాళ్ళకు లేదని అంచెలు పెట్టినచోట పిల్లల మధ్యే అది తగవుగా మారుతుంది. క్లాసయ్యాక సందేహం అడిగిన పిల్లవాణ్ణి నీ ప్లాన్‌లో లేదని వెనక్కి పంపడం ఏ టీచరుకూ సాధ్యం కాదు. అమలు చేయలేని హద్దు కాగితం మీదే మిగులుతుంది.

ట్యూషన్‌లో ప్రధానమైన పొరపాటు నిండిన బ్యాచ్ మీద ఫీజు లెక్కకట్టడం. జూన్‌లో 12 మందితో మొదలైన బ్యాచ్ దసరా సెలవుల తర్వాత తొమ్మిదికి తగ్గితే ఒక్కొక్కరి మీద పడేది ₹1,600 అవుతుంది. చదువు సంవత్సరం మధ్యలో ఖాళీ అయిన సీటు మళ్ళీ నిండడం అరుదు. అందుకని ఫీజును మధ్య సంవత్సరపు సంఖ్య మీద కట్టాలి. ఏడాది ఫీజు ముందే కట్టినవాళ్ళకు తగ్గింపు ఇవ్వడానికి అసలు కారణం కూడా ఇదే. తగ్గింపు మొత్తం ఖాళీ అయ్యే సీట్ల నష్టాన్ని మించకూడదు.

అంచెల సంఖ్య, మధ్య అంచె

మూడు అంచెలుంటే జనం మధ్యదాన్నే ఎంచుకుంటారని మార్కెటింగ్‌లో గట్టి నమ్మకం ఉంది. దీని వెనక రెండు పరిశోధనలున్నాయి. ఒకదాని కన్నా అన్ని విధాలా తీసికట్టుగా ఉన్న మూడో వస్తువును పక్కన పెడితే మొదటిదాని ఎంపిక పెరుగుతుందని 1982లో హ్యూబర్, పేన్, ప్యూటో చూపారు. రెండు కొసల మధ్య ఉన్నదానికి మొగ్గు ఉంటుందని 1989లో ఇటమార్ సైమన్‌సన్ చూపారు. అయితే మొదటి ప్రభావం అంకెల రూపంలో వివరాలు ఇచ్చినప్పుడే బాగా కనబడుతుందని, వస్తువును బొమ్మల్లోనో రుచిలోనో అనుభవానికి తెచ్చినప్పుడు చాలావరకు మాయమవుతుందని 2014లో షేన్ ఫ్రెడరిక్ బృందం ప్రచురించింది. భోజనం రోజూ నోటికి తగిలే వస్తువు. మొదటి నెల ఎంపిక మీద పట్టిక ప్రభావం ఉండవచ్చు గానీ, రెండో నెల నిర్ణయం బాక్సు తెరిచినప్పుడే జరుగుతుంది. పైగా వంటగదిలో ప్రతి అదనపు అంచె ఒక అదనపు ప్యాకింగ్ వరస. 115 బాక్సులు గంటలో సర్దాల్సినచోట మూడు రకాల మూతలుంటే తప్పు బాక్సు తప్పు గేటుకు వెళ్ళడం మొదలవుతుంది. ఫిర్యాదుల్లో తారుమారు బాక్సుల వాటా పెరుగుతుంటే అంచెలు ఎక్కువయ్యాయని అర్థం.

ధర మార్పు

చందా ధర నెలంతా నిలకడగా ఉంటుంది, సరుకుల ధర ఉండదు. 2023 జులైలో టమాటా చాలాచోట్ల కిలో వంద రూపాయలు దాటినప్పుడు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. బాక్సుకు 60 గ్రాముల టమాటా పడుతుందనుకుంటే, కిలో ₹20 ఉన్నప్పుడు అయ్యే ఖర్చు ₹1.20, ₹160 ఉన్నప్పుడు ₹9.60. మినీ బాక్సు మిగులు ₹26లో మూడో వంతు ఒక్క టమాటాకే పోతుంది, రెగ్యులర్‌లో ఆరో వంతుకు కాస్త పైన. ఏ ధరాఘాతమైనా కింది అంచెకే ముందు తగులుతుంది. దీనికి చందా పెంచడం కన్నా చింతపండు, మామిడి, గోంగూర పులుపుకు వంటకాలు మార్చడం తేలిక. అందుకే అంచె వివరంలో ఫలానా కూర అని కాకుండా పప్పు ఒకటి, కూర ఒకటి అని రాస్తారు. తప్పనిసరిగా ధర పెంచినప్పుడు పాత చందాదారులకు కొంతకాలం పాత ధర ఉంచడం పరిపాటి. దానికి గడువు తేదీ చెప్పకపోతే ఒకే బాక్సుకు రెండు ధరలు ఏళ్ళ తరబడి సాగుతాయి, జట్టులో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు పోల్చుకుని అడుగుతారు.

చట్టపరమైన అంశాలు

భారతదేశంలో ఆన్‌లైన్‌లో చందాలు అమ్మేవారికి 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జారీ చేసిన మార్గదర్శకాలు వర్తిస్తాయి. చేరడం తేలిక, మానడం కష్టం అయ్యేలా చేసే చందా ఉచ్చు, మొదట తక్కువ ధర చూపి చివర్లో అదనపు ఛార్జీలు కలపడం అందులో నిషేధించిన 13 పద్ధతుల్లో ఉన్నాయి. రవాణా, ప్యాకింగ్, పన్ను కలిపిన మొత్తమే అంచె ధరగా చూపితే రెండో ఇబ్బంది రాదు. ఖాతా నుంచి నెలనెలా తనంతట తానే డబ్బు వెళ్ళే ఏర్పాటులో 24 గంటల ముందు తెలియజేయాలని రిజర్వు బ్యాంకు నియమం. అదనపు ధ్రువీకరణ లేకుండా వెళ్ళే మొత్తం పరిమితిని 2022 జూన్‌లో సాధారణ చెల్లింపులకు ₹5,000 నుంచి ₹15,000కు పెంచారు. నెల భోజనం చందా ఈ పరిమితిలోనే ఉంటుంది, ఏడాది ట్యూషన్ ఫీజు దాటవచ్చు.

కోచింగ్ కేంద్రాలపై కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు 50 మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలకు ఉద్దేశించినవి. కోర్సు మధ్యలో ఫీజు పెంచకూడదు. పూర్తి ఫీజు కట్టి మధ్యలో మానుకున్న విద్యార్థికి మిగిలిన కాలానికి దామాషా ప్రకారం 10 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వాలి. ఏడాది చందాకు ఇచ్చిన తగ్గింపును అలాంటి సందర్భంలో ఎలా లెక్కగడతారో రసీదు మీదే రాసి ఇస్తే, డబ్బు తిరిగి ఇచ్చే రోజున వివాదం ఉండదు. (చూడండి: వినియోగదారుల రక్షణ చట్టం 2019.)